వీపీఎన్ వేసి ఆడాడని గెలిచిన సొమ్మంతా రద్దు చేశారు, ఇది ఏ లెక్కన న్యాయం?

ఉండి_రోడ్డు
మా తమ్ముడు ఇంగ్లండులో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడి లైసెన్సు ఉన్న ఒక ఆటల సైటులో అతనికి ఏడాదిగా ఖాతా ఉంది, పాస్‌పోర్టు, చిరునామా, బ్యాంకు కార్డు అన్నీ అప్పుడే సరిచూసుకున్నారు. సంక్రాంతికి భీమవరం వచ్చినప్పుడు లండన్ సర్వరుకు కలిసే వీపీఎన్ పెట్టుకుని అదే ఖాతాలో ఆడాడు. కనుమ నాటి రాత్రి స్లాట్ ఆటలో ఖాతా నిల్వ 3,260 పౌండ్లకు చేరింది. డబ్బు తీసుకోవడానికి అర్జీ పెడితే పన్నెండు రోజులు నాన్చి, "మీరు అనుమతి లేని ప్రదేశం నుంచి, ఉనికిని దాచి ఆడారు" అని చెప్పి 3,140 పౌండ్లు రద్దు చేసి, 120 మాత్రం కార్డుకు తిప్పి పంపారు. ఖాతా అతనిదే, డబ్బు అతనిదే, దొంగ కాగితం ఒక్కటీ లేదు. మనిషి ఎక్కడ కూర్చుని బొత్తాం నొక్కితే వాళ్లకేమిటి? దీని మీద ఏమైనా చేయగలమా అన్నది నా ప్రశ్న.

పాలకొల్లు_పవర్
ఇందులో ఆలోచించడానికి ఏముంది, మన దేశంలో వీపీఎన్ వాడడమే నేరం. నేరం చేసి గెలిచిన సొమ్మును ఏ సైటూ ఇవ్వదు.

అమలాపురం_ప్లీడరు
పవర్ గారు, వీపీఎన్ వాడకం భారతదేశంలో నేరం కాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం వీపీఎన్ నడిపే కంపెనీలకు సంబంధించినది. వాడేవారి వివరాలను ఐదేళ్ల పాటు దాచి ఉంచాలని అందులో చెప్పారు, దానితో కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసుకుని పోయాయి. సగం రాష్ట్రం ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తున్నది వీపీఎన్ మీదే కదా. ఈ అబ్బాయి సొమ్ము పోయిన కారణం వేరే చోట ఉంది.

కాలువగట్టు_కబుర్లు
కారణం ఒక్కటే, అతను గెలిచాడు. ఓడి ఉంటే భీమవరం నుంచి ఆడినా, చంద్రమండలం నుంచి ఆడినా ఎవరూ అడిగేవారు కాదు. మా ఊరి బరిలో పందెం గెలిచినవాడికి డబ్బు అక్కడికక్కడే చేతిలో పెడతారు, నీ ఆధార్ కార్డు ఏ మండలంలో ఉందని అడగరు.

పాలకొల్లు_పవర్
బరిలో పోలీసులు వచ్చినప్పుడు మాత్రం అందరి మండలాలూ అడుగుతారు లెండి.

తణుకు_తిరుగుటపా
నేను హైదరాబాదులో కొన్నేళ్లు విదేశీ ఆటల సైట్లకు చెల్లింపుల పరిశీలన చేసే ఆఫీసులో పనిచేశాను. డబ్బు బయటికి పంపే ముందు ఫైలు తిరగేసే బల్ల మాది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఉండి రోడ్డు గారి ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మనిషి ఎవరు అన్నది ఒకటి, పందెం వేసిన క్షణంలో ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు అన్నది మరొకటి. మీ తమ్ముడి పాస్‌పోర్టు మొదటిదానికి సమాధానం చెబుతుంది కానీ రెండోదానికి చెప్పదు. బ్రిటన్ లైసెన్సు ఆ కంపెనీకి బ్రిటన్‌లో ఆట నడుపుకోవడానికి అనుమతి ఇస్తుంది, భీమవరంలో కూర్చున్నవారికి ఆట చూపించే హక్కు దానివల్ల రాదు. మీ తమ్ముడు విమానం దిగిన క్షణం నుంచి అతని ఖాతా అదే అయినా, ఆ ఖాతాకు ఆట అందించడం కంపెనీకి అనుమతి లేని పని అయిపోయింది.

ఇంకో పొర కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. స్లాట్ ఆటలను సైటువాళ్లు తయారు చేయరు, వేరే కంపెనీల దగ్గర అద్దెకు తెచ్చుకుంటారు. ఆ అద్దె ఒప్పందంలో ఏయే దేశాలలో ఆటను తెరవకూడదో జాబితా ఉంటుంది. నిషిద్ధ దేశం నుంచి వచ్చిన ఆటకు గెలుపు చెల్లించినట్లు తేలితే సైటు తన సరఫరాదారుకు జవాబు చెప్పుకోవాలి. అందుకే ఒకే సైటులో కొన్ని ఆటలు తెరుచుకుని, కొన్ని మాత్రం "మీ దేశంలో అందుబాటులో లేదు" అంటాయి. మీ తమ్ముడికి అలాంటి వాక్యం ఏదైనా కనిపించిందా? దీనికి మీరిచ్చే జవాబును బట్టి నేను చెప్పబోయేది మారుతుంది.

అమలాపురం_ప్లీడరు
తిరుగుటపా గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక మాట జోడిస్తాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నడిపేవారికే కాక ఆడేవారికి కూడా శిక్ష పెట్టారు, ఆడేవారికి అది ఆరు నెలల వరకు జైలు. ఆ తరువాత 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు ఆటలను దేశమంతటికీ నిషేధించింది. అది ఆడేవారిని శిక్షించదు కానీ, ఆట అందించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అంటుంది, పైగా దేశం బయటి నుంచి ఇక్కడివారికి అందించినా వర్తిస్తుంది. అంటే భీమవరంలో ఉన్న మనిషికి స్లాట్ తిప్పనిచ్చినందుకు చిక్కులో పడేది ఎక్కువగా ఆ కంపెనీయే. ఆ భయమే నిబంధనల రూపంలో ఆటగాడి మీదికి దిగుతుంది.

సీతానగరం_రేవు
మా ఆడపడుచు భర్త దోహాలో ఉంటాడు. అతనూ ఇలాగే వీపీఎన్ పెట్టి ఏదో క్యూరసావ్ లైసెన్సు సైటులో ఆడితే నాలుగు లక్షలు గెలిచినట్లు చూపించింది. ఇప్పుడు "మీరు వీపీఎన్ వాడారు కాబట్టి ఖాతాకు తాళం పడింది, ముందు ముప్ఫై శాతం పన్ను కడితే తాళం తీస్తాము" అంటున్నారు. కడితే వస్తుందా? ఇంట్లో దీని మీదే గొడవలు జరుగుతున్నాయి.

తణుకు_తిరుగుటపా
సీతానగరం గారు, దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకండి. గెలుపు మీద పన్ను ఉంటే ఆ గెలుపులోంచే కోసుకుంటారు, లేదా గెలిచినవాడు తరువాత ప్రభుత్వానికి కడతాడు. మన దగ్గర డబ్బు ఆటలు చెల్లిన రోజుల్లో కూడా ముప్ఫై శాతం టీడీఎస్‌ను చెల్లింపులోంచే పట్టుకునేవారు. గెలిచినవాడినే ముందుగా డబ్బు పంపమని అడగడం మోసగాళ్ల పద్ధతి, వీపీఎన్ అన్నది అక్కడ సాకు మాత్రమే. నిజమైన సైటు గెలుపును రద్దు చేస్తే చేస్తుంది గానీ, రద్దు చేయకుండా ఉండడానికి రుసుము అడగదు.

అమలాపురం_ప్లీడరు
ఇక్కడి బ్యాంకు ఖాతాల నుంచి ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

సీతానగరం_రేవు
మొదటి విడతగా పద్దెనిమిది వేలు మా మామగారి ఖాతా నుంచే వెళ్లాయి. రేపు ఉదయమే చేయిస్తాను.

తణుకు_తిరుగుటపా
రేపటి దాకా ఆగకండి, ఆ నంబరు రాత్రి కూడా పనిచేస్తుంది.

యానాం_వంతెన
నాకు జరిగింది దీనికి తిరగబడ్డ కథ. 2021లో నేను ఒక రమ్మీ యాప్‌లో ఆడేవాడిని. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, ఆ యాప్ నిషిద్ధ రాష్ట్రాల జాబితాలో ఆంధ్ర ఉంది గానీ పుదుచ్చేరి లేదు. అయినా డబ్బు తీసే సమయంలో "మీరు ఆంధ్రప్రదేశ్ నుంచి ఆడారు" అని ఆరు వేల రూపాయలు ఆపేశారు. ఇంట్లో కూర్చునే ఆడాను, ఏ వీపీఎన్ లేదు. మా ఇంటి అరుగు మీద నిలబడితే గోదావరికి అవతల ఎదుర్లంక కనిపిస్తుంది, ఒక్కోసారి ఫోను అవతలి టవరునే పట్టుకుంటుంది. ఆ మాటకొస్తే టెలికాం వాళ్ల లెక్కలో మా యానాం మొత్తం ఆంధ్ర సర్కిల్లోనే ఉంది. మరి నేనూ ఉనికి దాచినట్లేనా?

పాలకొల్లు_పవర్
ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లినా యాప్ మిమ్మల్ని వదల్లేదన్నమాట.

తణుకు_తిరుగుటపా
యానాం గారి ఉదాహరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఐపీ అడ్రస్‌ను బట్టి ఊరు చెప్పే జాబితాలు దేశం వరకు చాలావరకు సరిగ్గానే చెబుతాయి, జిల్లా స్థాయిలో తరచుగా తప్పుతాయి. మొబైల్ నెట్‌వర్కులో అయితే యానాంలో ఉన్న ఫోను కూడా విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్నట్లు కనిపించవచ్చు. అందుకే మీ ఫైలు మా బల్ల మీదికి వచ్చి ఉంటే మేము ఐపీని పక్కన పెట్టి, యాప్ తీసుకున్న జీపీఎస్ రీడింగులు చూసేవాళ్లం. మీ డబ్బు చివరికి వచ్చిందా?

యానాం_వంతెన
వచ్చింది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు పంపాను, జీపీఎస్ చూసుకోమని నేనే రాశాను. మూడు వారాలు పట్టింది.

తణుకు_తిరుగుటపా
మీ విషయంలో యంత్రం పొరబడింది, కాగితం సరిదిద్దింది. ఉండి రోడ్డు గారి తమ్ముడి విషయంలో ఐపీ లండన్ అంది, మిగిలినవన్నీ వేరే మాట చెప్పాయి. తేడా అదే.

ఉండి_రోడ్డు
తిరుగుటపా గారి ప్రశ్న తమ్ముడిని అడిగాను. కనుమ రాత్రి తొమ్మిది దాటాక మొదట వీపీఎన్ లేకుండానే తెరిచాడట. ఖాతా తెరుచుకుంది కానీ ఆట మీద నొక్కగానే ఈ దేశంలో అందుబాటులో లేదని వచ్చిందట. ఆ తరువాతే వీపీఎన్ పెట్టాడు. సైటువాళ్లు పంపిన ఉత్తరంలో రెండు సమయాలు ఇచ్చారు: 15:42కి భారత ఐపీ నుంచి ఆట తెరవడానికి ప్రయత్నం, 15:46కి లండన్ ఐపీ నుంచి లాగిన్. అవి గ్రీనిచ్ సమయాలు, అంటే మనకు రాత్రి 9:12, 9:16. ఇంకా, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు అడిగితే పంపాడు. అందులో భీమవరం ఏటీఎంలో అతని ఇంగ్లండు కార్డుతో తీసిన డబ్బు ఉంది. ఇది వాళ్లకు ఇంత పనికొస్తుందని మాకు తట్టలేదు.

తణుకు_తిరుగుటపా
ఆ నాలుగు నిమిషాలే మొత్తం ఫైలు. నేను ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే మిగిలిన కాగితాలు తిరగేయవలసిన అవసరం కూడా ఉండేది కాదు.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే వీపీఎన్ అన్నది ఉనికిని పూర్తిగా కప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. అది మార్చేది ఐపీ అడ్రస్‌ను మాత్రమే. ఆ మార్చిన అడ్రస్ కూడా సాధారణంగా ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీది కాకుండా, సర్వర్లు అద్దెకిచ్చే డేటా సెంటరుది అయి ఉంటుంది. ఇల్లు ఉన్న విద్యార్థి డేటా సెంటరులో కూర్చుని ఆడడు కదా, అందుకని ఆ అడ్రస్ మీద ముందే గుర్తు పడిపోతుంది. ఒకే అడ్రస్ నుంచి వందలమంది రావడం వల్ల, మీ తమ్ముడికి సంబంధం లేని వేరే ఖాతాలతో అతన్ని ముడిపెట్టే ప్రమాదం కూడా ఉంది. రెండోది ఫోను గడియారం. బ్రౌజరు ఏ సమయ మండలంలో ఉందో సైటు ఒక్క వరుసతో తెలుసుకుంటుంది:

```
Intl.DateTimeFormat().resolvedOptions().timeZone
```

మన దేశంలో ఉన్న క్రోమ్ దీనికి `Asia/Calcutta` అని జవాబిస్తుంది. ఐపీ లండన్ అంటుంది, గడియారం కలకత్తా అంటుంది. ఇదొక్కటే ఉంటే దాని మీద ఎవరూ డబ్బు ఆపరు, గడియారం మార్చుకోని ప్రయాణికులు చాలామంది ఉంటారు. కానీ 15:42 నాటి ప్రయత్నం, గడియారం, డేటా సెంటరు అడ్రస్, ఏటీఎం పద్దు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు సందేహానికి చోటు ఉండదు.

అన్నిటికంటే బరువైనది ఆ అడ్డంకి వాక్యం. తెలియక ఆడినవాడికీ, ఇక్కడ ఆడకూడదని చదివిన తరువాత తలుపు మార్చి లోపలికి వచ్చినవాడికీ నిబంధనలు వేరుగా ఉంటాయి. మొదటివాడి విషయంలో చాలా సైట్లు మెత్తగా పోతాయి, రెండోవాడి విషయంలో పోవు.

గోదారి_ఈత
మరి గడియారం కూడా లండన్ సమయానికి మార్చి, ఇళ్ల అడ్రస్‌లు ఇచ్చే ఖరీదైన వీపీఎన్ తీసుకుంటే పట్టుబడేవాడు కాదంటారా? ఊరికే అడుగుతున్నాను.

తణుకు_తిరుగుటపా
ఊరికే అడిగేవాళ్లనే మా ఆఫీసులో ఎక్కువగా చూశాను. ఎంత జాగ్రత్తగా దాచితే, పట్టుబడిన రోజున అది అంత గట్టి సాక్ష్యంగా మారుతుంది, ఎందుకంటే పొరబాటున జరిగిందని చెప్పుకునే దారి మీరే మూసుకున్నట్లు అవుతుంది. పైగా చివరికి డబ్బు వెళ్లవలసినది మీ అసలు పేరుతో ఉన్న అసలు బ్యాంకు ఖాతాకే. పెద్ద మొత్తం దగ్గర స్టేట్‌మెంటు అడుగుతారు, దాన్ని ఏ వీపీఎన్ మార్చలేదు.

కాలువగట్టు_కబుర్లు
ఇదంతా విన్న తరువాత నా మొదటి మాటే ఇంకా బలంగా అంటాను. 15:46కి వచ్చిన అడ్రస్ డేటా సెంటరుదని వాళ్లకు ఆ క్షణమే తెలుసునని మీరే అన్నారు. నాలుగు నిమిషాల ముందు ఇదే ఖాతాను భారతదేశంలో చూశారు. అక్కడే ఆపకుండా 120 పౌండ్లు ఎందుకు తీసుకున్నారు? ఓడితే ఉంచుకుంటారు, గెలిస్తే నిబంధన చూపిస్తారు. ఈ బేరంలో నష్టపోవడమన్నది వాళ్లకు లేనే లేదు.

తణుకు_తిరుగుటపా
సగం ఒప్పుకుంటాను. లోపలికి వచ్చేటప్పుడు యంత్రం చూసేది ఐపీ ఏ దేశానిది అన్న ఒక్కదాన్నే, అది కూడా రెప్పపాటులో. మిగిలిన గుర్తులన్నీ రికార్డులో చేరుతాయి కానీ వాటిని కలిపి చదివేది మనిషి, ఆ మనిషి దగ్గరికి ఫైలు వెళ్లేది పెద్ద మొత్తం బయటికి వెళుతున్నప్పుడు. పది పౌండ్లు జమ చేసిన ప్రతి ఒక్కరి ఫైలూ మనిషి చదవాలంటే కుదరదు. ఇది పని జరిగే తీరు. అయితే ఆ తీరును మార్చుకోవడానికి కంపెనీలకు పెద్దగా తొందర లేదన్న మీ మాటను నేను కాదనలేను. వీపీఎన్ అడ్రస్‌లను గుమ్మంలోనే ఆపే సైట్లు ఉన్నాయి, అంటే అది చేయలేని పనేమీ కాదు.

పాలకొల్లు_పవర్
నేను ఒకటి చదివాను. 2021లో లండన్ హైకోర్టు ఒక మనిషికి పదిహేడు లక్షల పౌండ్ల గెలుపు చెల్లించమని బెట్‌ఫ్రెడ్ కంపెనీకి తీర్పు చెప్పింది, ఎక్కడో మూలన దాచిన నిబంధన చెల్లదని అంది. ఈ అబ్బాయి కూడా అదే చూపించి గెలవవచ్చు.

అమలాపురం_ప్లీడరు
ఈసారి పవర్ గారు చదివినది నిజమే, గ్రీన్ అనే ఆయన వేసిన దావా అది. కానీ అక్కడ కంపెనీ చూపించిన సాకు ఆటలో సాఫ్ట్‌వేర్ లోపం ఉందని. ఆయన ఎక్కడి నుంచి ఆడాడన్న గొడవ లేదు, ఆయన దాచిందీ ఏమీ లేదు. నిబంధనను ఆటగాడి దృష్టికి సరిగ్గా తేలేదన్నది తీర్పులో ఒక ముఖ్యమైన అంశం. మన కేసులో ఆ వాదన ఎక్కడ నిలుస్తుంది? ఆట తెర మీదే ఈ దేశంలో అందుబాటులో లేదని కనిపించింది, దానికంటే దృష్టికి తేవడం ఏముంటుంది? అదీగాక 2024లో అక్కడి అప్పీలు కోర్టు, కేమెలాట్ లాటరీ మీద ఒక ఆమె వేసిన దావాలో, నొక్కి ఒప్పుకున్న నిబంధనలు చదవకపోయినా కట్టుబడవలసిందేనన్న వైపే మొగ్గింది.

ఇక ఇక్కడి కోర్టుకు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము రాబట్టుకోవడానికి దావా వేయడం కుదరదు. భీమవరం కోర్టులో వేస్తే సొమ్ము రాకపోగా, 2020 సవరణ కింద అతను ఆడినట్లు తన చేతితోనే రాసి ఇచ్చినట్లవుతుంది. బ్రిటన్‌లో 2007 సెప్టెంబరు నుంచి జూదం ఒప్పందాలు కోర్టులో చెల్లుతాయి, కాబట్టి ఏ దారి ఉన్నా అక్కడే ఉంది.

గోదారి_ఈత
2019 నుంచి బ్రిటన్ సైట్లు గుర్తింపు కాగితాలు ఆట మొదలు కాకముందే అడగాలని, డబ్బు తీసేటప్పుడు కొత్తగా అడిగి ఆపకూడదని నియమం ఉందంటారు. మరి బ్యాంకు స్టేట్‌మెంటు ఎలా అడిగారు?

తణుకు_తిరుగుటపా
ఆ నియమం పేరు, పుట్టిన తేదీ, చిరునామా లాంటివాటికి. ముందే అడగగలిగినదాన్ని చివర్లో అడిగి నాన్చవద్దని దాని ఉద్దేశం. జనవరిలో ఎక్కడ ఉన్నావన్నది నిరుడు ఖాతా తెరిచినప్పుడు అడగగలిగిన ప్రశ్న కాదు.

ఇప్పుడు అసలు పనికొచ్చే విషయానికి వస్తాను. ఉండి రోడ్డు గారు, భీమవరంలో ఉన్న రోజులన్నిటి ఖాతా పద్దులు వరుసగా పెట్టగలరా? విమానం ఎక్కేనాటికి ఎంత నిల్వ ఉంది, ఏ రోజు ఎంత జమ చేశాడు అన్నవి చాలు.

ఉండి_రోడ్డు
వచ్చేనాటికి ఖాతాలో 40 పౌండ్లు ఉన్నాయి, అవి ఇంగ్లండులో ఆడినప్పుడు మిగిలినవి. భోగి నాడు వీపీఎన్ పెట్టి 60 జమ చేసి వేరే ఆట ఆడాడు, పాతవాటితో కలిపి వందా పోయింది. కనుమ నాడు 120 జమ చేశాడు, అది 3,260 అయింది. వాళ్లు తిప్పి పంపింది ఆ 120 మాత్రమే.

తణుకు_తిరుగుటపా
నేను అనుమానించింది ఇదే. మీ తమ్ముడి ఉత్తరంలో కంపెనీ వాడిన కారణం ఏమిటి? భారతదేశం నుంచి ఆడిన ఆట చెల్లదు అన్నది. అలాగైతే భోగి నాటి ఆట కూడా భారతదేశం నుంచి ఆడినదే, అదీ చెల్లకూడదు. చెల్లని ఆటలో ఓడిన సొమ్ము ఓడినట్లు కాదు. లెక్కను వెనక్కి తిప్పితే అతను విమానం ఎక్కే ముందు ఉన్న స్థితికి రావాలి: పాత 40, భోగి నాటి 60, కనుమ నాటి 120, మొత్తం 220 పౌండ్లు. వాళ్లు ఇచ్చింది 120. మిగిలిన వంద పౌండ్ల విషయంలో వాళ్లు ఓడిన ఆటను చెల్లినట్లు, గెలిచిన ఆటను చెల్లనట్లు లెక్కగట్టారు. దీన్ని సమర్థించుకోవడం వాళ్లకు కష్టం. గెలుపు సంగతి ఎత్తకుండా ముందు ఈ వంద కోసం విడిగా ఒక ఉత్తరం రాయించండి.

కాలువగట్టు_కబుర్లు
మూడు వేలు పోగొట్టుకున్నవాడికి వంద వెతికి పెడుతున్నారు.

అమలాపురం_ప్లీడరు
వంద చిన్నదే కావచ్చు, కానీ ఒకసారి కంపెనీ ఆ వంద ఇచ్చిందంటే తన మొదటి లెక్క తప్పని ఒప్పుకున్నట్లే. మూడో పక్షం ముందుకు ఫైలు వెళ్లినప్పుడు ఆ మాట పనికొస్తుంది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. దాన్ని తేల్చడానికి వాళ్లకు ఎనిమిది వారాల గడువు ఉంటుంది. అప్పటికీ తేలకపోయినా, ఇదే మా ఆఖరి మాట అని వాళ్లు ముందే రాసినా, లైసెన్సు షరతుల ప్రకారం వాళ్లు పేర్కొన్న స్వతంత్ర వివాద పరిష్కార సంస్థకు వెళ్లవచ్చు. ఆటగాడు రుసుము కట్టనక్కర లేదు. జూదం కమిషన్‌కు రాస్తే లైసెన్సు తప్పుల మీద దృష్టి పెడుతుంది గానీ ఒక్కొక్కరి సొమ్ము ఇప్పించే పని చేయదు, కాబట్టి అక్కడ ఆశ పెట్టుకోకండి.

సీతానగరం_రేవు
నిన్న రాత్రే 1930కి చేశాము, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సొమ్ము వెళ్లిన ఖాతాను ఆపడానికి ప్రయత్నిస్తామన్నారు. మా ఆడపడుచు భర్త మాత్రం ఇంకా ఆ సైటు నిజమైనదేనని, పన్ను కట్టి ఉంటే వచ్చేదని అంటున్నాడు.

యానాం_వంతెన
ఆ సైటులో ఎవరైనా డబ్బు తీసుకున్నవాళ్లను ఒక్కరిని చూపించమనండి.

ఉండి_రోడ్డు
తిరుగుటపా గారు చెప్పినట్లు వంద పౌండ్ల సంగతి ఒక్కటే రాయించాను. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. "సౌహార్దంగా" ఇస్తున్నామని చెప్పి వంద పౌండ్లు కార్డుకు పంపారు, లెక్క తప్పని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు. మిగిలిన 3,040 మీద ఇంక మాట్లాడేది లేదని, ఇదే ఆఖరి జవాబని రాశారు. తమ్ముడు వివాద సంస్థకు వెళతానంటున్నాడు.

తణుకు_తిరుగుటపా
వెళ్లనివ్వండి, పోయేదేమీ లేదు. కానీ ఆశ మాత్రం తక్కువగా పెట్టుకోమనండి. 15:42 ఉన్నంతకాలం అవతలి పక్షానిదే పైచేయి.

కాలువగట్టు_కబుర్లు
నేను ఒప్పుకోను. నాలుగు నిమిషాల తేడాతో చూసి కూడా డబ్బు జమ చేసుకున్నది వాళ్లే. అదే 15:42ను ఈ అబ్బాయి తన వైపు సాక్ష్యంగా పెట్టుకోవచ్చు: నేను ఎక్కడ ఉన్నానో మీకు తెలిసి కూడా పందెం తీసుకున్నారు అని.

అమలాపురం_ప్లీడరు
కబుర్లు గారి వాదన వినడానికి బాగుంది, ఏ సంస్థ దాన్ని ఒప్పుకుంటుందో నేను హామీ ఇవ్వలేను. తెలిసి తీసుకున్నారా, తెలుసుకోగలిగి ఉండి పట్టించుకోలేదా అన్నదాని మీద అది ఆధారపడుతుంది. ఏదేమైనా ఫిర్యాదులో ఆ రెండు సమయాలనూ దాచకుండా రాయమనండి. దాచినా లాభం లేదు, అవి వాళ్ల రికార్డులో ఉన్నాయి. మనమే ముందు చెప్పి, ఆ తరువాత కూడా జమ ఎందుకు తీసుకున్నారని అడిగితే వాళ్లు జవాబు చెప్పవలసి వస్తుంది. రాసే ముందు ఖాతా చరిత్ర మొత్తం దింపుకోమనండి, ఖాతా మూసేస్తే ఆ పద్దులు చూసే వీలు ఉండదు.

ఉండి_రోడ్డు
ఖాతా చరిత్ర నిన్ననే దింపుకున్నాడు. ఫిర్యాదులో 9:12, 9:16 రెండూ పెట్టి, మీరిద్దరూ చెప్పిన వాదనలు రెండూ రాస్తున్నాడు. జవాబు వచ్చాక ఇక్కడ పెడతాను.